ప్రకటన ఒకటే, చదివేవాళ్లు మూడు రకాలు

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మా కంపెనీ పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను సెప్టెంబర్ 30న ఆపేసి, కస్టమర్లను కొత్త వెర్షన్‌కు మారుస్తోంది. పాత టీమ్‌లో 40 మంది ఉన్నారు. 28 మందికి కొత్త టీమ్‌లో చోటు ఉంది, 12 మందికి లేదు. మాది లిస్టెడ్ కంపెనీ. ఒకే ప్రకటన రాసి ఉద్యోగులకు, ఇన్వెస్టర్లకు, కస్టమర్లకు పంపమని ఎండీ గారు చెప్పారు. రాశాను. హెచ్‌ఆర్ వాళ్లు మరీ పొడిగా ఉందన్నారు, ఫైనాన్స్ వాళ్లు అంకెలేవీ లేవన్నారు, సపోర్ట్ వాళ్లు ఇది చదివితే కస్టమర్‌కు ఏమీ అర్థం కాదన్నారు. విడివిడిగా రాద్దామంటే, ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మూడూ విడివిడిగానే రాయండి. అయితే మీ భయాన్ని మాత్రం చివరిదాకా వదలకండి, ఈ పనిలో మిమ్మల్ని కాపాడేది అదే. మీ విషయంలో ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఉత్తరాలు పక్కనపెట్టి, ఎవరికీ పంపని ఒక కాగితం తయారుచేయండి. నేను దాన్ని నిజాల కాగితం అంటాను. ఒక పేజీ దాటకూడదు. ఏం ఆగుతోంది, ఏ తేదీన, ఎంతమంది మీద ప్రభావం, ఎందుకు, డబ్బు లెక్క ఏమిటి, ఇంకా తేలనివి ఏమిటి. ఒక్కో నిజానికి ఒక్కో వాక్యం. ఒక్కో వాక్యం పక్కన దాన్ని సరిచూసిన మనిషి పేరు రాయాలి. తేదీకి ప్రొడక్ట్ హెడ్, 12 అనే అంకెకు హెచ్‌ఆర్ హెడ్, ఆదాయం వాటాకు ఫైనాన్స్ హెడ్. మూడు ఉత్తరాలూ ఈ కాగితంలోంచే రావాలి, ఇందులో లేని మాట ఏ ఉత్తరంలోనూ కనిపించకూడదు.

ఈ కాగితంలో అన్నిటికంటే కష్టమైన వాక్యం "ఎందుకు" అన్నది. తేదీలు, అంకెలు తప్పుపోవడం అరుదు. కారణం దగ్గరే మాట మారిపోతుంది, అదీ రాసేవాళ్లకు తెలియకుండానే. ఇన్వెస్టర్లకు "నిర్వహణ ఖర్చు తగ్గించుకోవడానికి" అని రాస్తారు. కస్టమర్లకు "మీకు మెరుగైన సేవ అందించడానికి" అని రాస్తారు. ఉద్యోగులకు "మా దీర్ఘకాలిక వ్యూహంలో భాగంగా" అని రాస్తారు. ఏ ఒక్కటీ అబద్ధం కాకపోవచ్చు. కానీ మూడూ ఒకే బల్ల మీద పెడితే, మూడు వేర్వేరు నిర్ణయాల గురించి చదువుతున్నట్టు ఉంటుంది. మీ కంపెనీలో అసలు కారణాలు రెండు ఉండి ఉంటాయని నా ఊహ. రెండు సాఫ్ట్‌వేర్‌లను పక్కపక్కన నడపడం ఖర్చుతో కూడిన పని. కస్టమర్లు అడుగుతున్న కొత్త సదుపాయాలను పాతదాంట్లో చేర్చడం కుదరదు. అదే నిజమైతే ఈ రెండు కారణాలూ మూడు ఉత్తరాల్లోనూ ఉండాలి. మీరు మార్చగలిగింది వాటి వరుస, వాటికి ఇచ్చే చోటు. ఇన్వెస్టర్లకు ఖర్చు ముందు వస్తుంది, కస్టమర్లకు సదుపాయాలు ముందు వస్తాయి. రెండో కారణం ఒక్క చిన్న వాక్యమైనా సరే, ఉండి తీరాలి. కస్టమర్‌కు రాసేటప్పుడు ఖర్చు మాట తీసేయాలని అందరూ అంటారు. తీయకండి. "రెండు వెర్షన్లనూ ఒకేసారి బాగా నడపడం మాకు సాధ్యం కావడం లేదు" అన్నది కస్టమర్ నమ్మే మాట.

ఇక ఉత్తరాలకు వద్దాం. చదివే ప్రతి మనిషికీ ఒక మొదటి ప్రశ్న ఉంటుంది. అది తీరేదాకా మిగతాదేదీ తలకెక్కదు. ఉద్యోగి ప్రశ్న: నా ఉద్యోగం ఉందా? కస్టమర్ ప్రశ్న: నా పని ఆగిపోతుందా, నేనేం చేయాలి? ఇన్వెస్టర్ ప్రశ్న: ఆదాయం ఎంత పోతుంది, ఖర్చు ఎంత, అది ఎప్పటికి కనిపిస్తుంది? ఒకే ప్రకటన ముగ్గురికీ పనిచేయకపోవడానికి అసలు కారణం ఇదే. మొదటి పేరా ఒకటే ఉంటుంది, మొదటి ప్రశ్నలు మాత్రం మూడు.

జవాబును కిందికి తోసేస్తే ఏమవుతుందో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2014 జూలైలో మైక్రోసాఫ్ట్ పరికరాల విభాగం అధిపతి స్టీఫెన్ ఎలాప్ తన ఉద్యోగులకు ఒక మెయిల్ పంపారు. "హలో దేర్" అనే పలకరింపుతో మొదలై, ఉత్పత్తుల గురించి, వ్యూహం గురించి పేరాల కొద్దీ నడిచింది. దాదాపు 12,500 ఉద్యోగాలు పోతాయన్న మాట చాలా కిందికి వెళ్తే గానీ కనబడదు. వ్యూహం గురించిన ఆ పేరాలు తప్పేమీ కాదు, ఇన్వెస్టర్లు వాటినే ముందు చదువుతారు. కానీ ఉద్యోగి ఆ మెయిల్‌ను తన ఉద్యోగం కోసం వెతుక్కుంటూ చదివాడు. అది ఒక పాఠకుడి వరుసలో రాసి మరొక పాఠకుడికి పంపిన ఉత్తరం.

మీ ఉద్యోగుల ఉత్తరం ఇలా మొదలైతే బాగుంటుంది:

"పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను సెప్టెంబర్ 30న ఆపేస్తున్నాం. ఆ టీమ్‌లోని 40 మందిలో 28 మంది కొత్త వెర్షన్ టీమ్‌లోకి వెళ్తారు. 12 ఉద్యోగాలు రద్దవుతున్నాయి. ఆ 12 మందితో వాళ్ల మేనేజర్లు ఇప్పటికే విడిగా మాట్లాడారు. మీతో ఎవరూ మాట్లాడకపోతే, ఈ మార్పులో మీ ఉద్యోగం పోవడం లేదు."

ఆ చివరి వాక్యం రాయడానికి చాలామంది వెనుకాడతారు. కానీ అది లేకపోతే, ఉద్యోగం పోనివాళ్లు కూడా ఆ రోజంతా ఫోన్ మోగుతుందేమోనని చూస్తూ కూర్చుంటారు. అయితే అది నిజమైతేనే రాయాలి. రెండో విడత కోత గురించి పైన ఎక్కడైనా చర్చ నడుస్తోందా అని ఎండీ గారిని సూటిగా అడగండి. నడుస్తుంటే ఈ వాక్యం రాయకూడదు. దాని బదులు ఏది తేలింది, ఏది తేలలేదు, తేలనిది ఏ తేదీకల్లా చెబుతారు అన్నవి రాయాలి. "త్వరలో తెలియజేస్తాం" అన్న మాట మీద ఉద్యోగులకు నమ్మకం ఎప్పుడో పోయింది. "జూలై 20 లోపు" అంటే నమ్ముతారు, ఆ రోజున చెప్పడానికి ఏమీ లేకపోయినా ఆ ముక్కే చెప్పాలి.

ఉద్యోగుల ఉత్తరంలో వివరం అన్నిటికంటే ఎక్కువ ఉండాలి, కానీ ఆ వివరమంతా మనుషులకు సంబంధించింది కావాలి. నోటీసు ఎన్ని వారాలు, పరిహారం ఎలా లెక్కిస్తారు, కొత్త టీమ్‌కు వెళ్లే 28 మంది జీతం, హోదా మారతాయా, శిక్షణ ఎప్పుడు, ఎవరిని అడగాలి. ఎండీ గారు తన పేరుతో, "నేను" అంటూ రాయాలి. "ఈ నిర్ణయం నేను తీసుకున్నాను" అన్న వాక్యానికి "నిర్ణయం తీసుకోబడింది" అన్నది ఎప్పటికీ సాటిరాదు. హెచ్‌ఆర్ వాళ్లు పొడిగా ఉందన్నది ఇందుకే అయివుంటుంది. ఆ పొడితనం పోగొట్టాలని బాధను వర్ణించే పేరా చేర్చకండి. ఉద్యోగం పోయినవాడికి కావాల్సింది రాసినవాళ్ల బాధ కాదు, తన లెక్కలు. "మనమంతా ఒక కుటుంబం" అన్న మాట ఈ ఉత్తరంలో అసలు వద్దు, కుటుంబంలో ఎవరినీ నోటీసు ఇచ్చి పంపరు. "పునర్వ్యవస్థీకరణ", "సిబ్బంది సర్దుబాటు" లాంటి మాటలూ వద్దు. ఉద్యోగాలు రద్దవుతున్నాయి, ఆ మాటే రాయండి.

ఇన్వెస్టర్ల ఉత్తరానికి వచ్చేసరికి మీ చేతిలోని విశేషణాలన్నీ కింద పెట్టేయాలి. మీరు చెప్పని అంకెలను నేను ఉదాహరణగా వేసి రాస్తున్నాను, మీ ఫైనాన్స్ వాళ్ల అసలు అంకెలు అక్కడ పెట్టుకోండి.

"పాత బిల్లింగ్ ఉత్పత్తిని సెప్టెంబర్ 30తో నిలిపివేయాలన్న ఎండీ నిర్ణయాన్ని బోర్డు ఆమోదించింది. గత ఆర్థిక సంవత్సరం ఆదాయంలో ఈ ఉత్పత్తి వాటా 8 శాతం. ఈ కస్టమర్లలో సుమారు 70 శాతం మంది ఏడాదిలోగా కొత్త వెర్షన్‌కు మారతారని యాజమాన్యం అంచనా. గత ఏడాది తమంతట తాము మారిన కస్టమర్ల తీరు ఈ అంచనాకు ఆధారం. ఈ మార్పులో 12 ఉద్యోగాలు రద్దవుతాయి. పరిహారాలకు, డేటా బదిలీకి అయ్యే ఒకసారి ఖర్చును ఆ త్రైమాసిక ఫలితాల్లో విడిగా చూపిస్తాం."

ఇందులో ఏది జరిగిపోయిన నిజమో, ఏది అంచనానో చదివేవాళ్లకు విడివిడిగా కనబడుతుంది. 8 శాతం లెక్క తేలిన అంకె. 70 శాతం ఊహ, అందుకే దాని పక్కనే ఆధారం ఉంది. ఆధారం చెప్పలేని అంచనాను రాయకపోవడమే మంచిది. 70 శాతం మారతారంటే 30 శాతం మారకపోవచ్చన్నమాట. ఇది తప్పించుకోకూడని రిస్క్. దాన్ని దాచిపెట్టి "అత్యధికులు మారతారు" అని రాస్తే, ఆ అత్యధికులు ఎంతమందని ఎనలిస్ట్ మొదటి కాల్‌లోనే అడుగుతాడు. జవాబు అతనొక్కడికే చెప్పడమూ ఇబ్బందే. కొందరు ఇన్వెస్టర్లకు మాత్రమే ముఖ్యమైన సమాచారం అందడాన్ని చాలా దేశాల నియమాలు అడ్డుకుంటాయి. అమెరికాలో 2000లో వచ్చిన రెగ్యులేషన్ ఎఫ్‌డీ ఉద్దేశం అదే.

ఈ ఉత్తరంలో ఉద్యోగాల ప్రస్తావనను ఎలా రాస్తున్నారో రెండుసార్లు చూసుకోండి. లిస్టెడ్ కంపెనీ ప్రకటన అందరికీ కనబడేది, ఉద్యోగం పోయిన ఆ 12 మంది అదే సాయంత్రం దాన్ని చదువుతారు. "ఈ చర్యతో లాభదాయకత గణనీయంగా మెరుగుపడుతుందని హర్షిస్తున్నాం" అని అక్కడ ఉంటే, ఉద్యోగుల ఉత్తరంలో ఎండీ గారు రాసినదంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది. ఆదా ఎంతో అంకె ఇవ్వండి, హర్షం వద్దు. అంకెకు ఇన్వెస్టర్ దగ్గర విలువ ఉంది, హర్షానికి ఎవరి దగ్గరా లేదు.

కస్టమర్ల ఉత్తరం మూడింటిలోకీ చిన్నది. ఫోన్‌లో ఒక తెర దాటకపోతే మేలు.

"మీరు వాడుతున్న పాత వెర్షన్ సెప్టెంబర్ 30 వరకే పనిచేస్తుంది. అక్టోబర్ 1 నుంచి అందులో కొత్త బిల్లు వేయడం కుదరదు. మీ పాత బిల్లులను డిసెంబర్ 31 వరకు చూసుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీరు చేయాల్సింది ఒక్కటే: ఆగస్టు 31 లోపు లాగిన్ అయి, మారడానికి అనుకూలమైన తేదీ ఎంచుకోండి. మీ డేటాను మేమే కొత్త వెర్షన్‌లోకి తెస్తాం."

ఆ వెంటనే ధర మారుతుందా లేదా ఒక వాక్యం, అడగడానికి ఎవరున్నారో ఒక వాక్యం, కారణాలు రెండు వాక్యాలు. ఇందులో నేను పట్టుబట్టేది అక్టోబర్ 1 వాక్యం. కంపెనీలు తాము ఏం చేయబోతున్నాయో రాస్తాయి గానీ, కస్టమర్ ఏమీ చేయకుండా ఊరుకుంటే ఏమవుతుందో రాయవు. నిజానికి చాలామంది కస్టమర్లు చేసేది అదే, ఊరుకోవడం. "సంతోషంతో తెలియజేస్తున్నాం" అని మొదలుపెట్టకండి. వాళ్లకు అలవాటైన పనిముట్టును మీరు లాక్కుంటున్నారు, కొత్తది ఎంత మంచిదైనా ముందుగా వాళ్లకు తగిలేది ఆ అలవాటు పోవడమే. టీమ్‌ల పేర్లు, ప్రాజెక్టుల రహస్య పేర్లు, బోర్డు నిర్ణయం, ఇవేవీ కస్టమర్‌కు అక్కర్లేదు. మీ సపోర్ట్ వాళ్లు ఏమీ అర్థం కాలేదన్నది బహుశా వీటి గురించే.

ఉద్యోగాల రద్దు సంగతి కస్టమర్‌కు చెప్పాలా? ఉత్తరంలో అక్కర్లేదు. దాచడం మాత్రం కూడదు. ఈ రెంటికీ తేడా ఉంది. నిజాల కాగితంలోని ఏ నిజాన్నయినా ఒక ఉత్తరంలో వదిలేయవచ్చు. వదిలేసినదానికి ఎదురుపోయే వాక్యం మాత్రం రాయకూడదు. 12 మంది వెళ్లిపోతున్నప్పుడు "మీకు తెలిసిన అదే టీమ్ ఇకముందూ మీకు సేవ చేస్తుంది" అని రాయడం అలాంటిదే. ఇన్వెస్టర్లకు 70 శాతం అని చెప్పి, కస్టమర్లకు "మా కస్టమర్లందరూ కొత్త వెర్షన్‌కు మారుతున్నారు" అని రాయడమూ అంతే. వీటిని రాసేది అబద్ధాలకోరులు కాదు, కస్టమర్‌ను ఊరడించాలనుకున్న మంచివాళ్లే. సపోర్ట్ వాళ్ల చేతిలో ఒక జవాబు సిద్ధంగా ఉంచండి. ఎవరైనా అడిగితే "అవును, 12 ఉద్యోగాలు రద్దయ్యాయి, మీ సపోర్ట్ నంబర్, వేళలు మారలేదు" అని చెప్పగలగాలి. వేళలు మారుతుంటే, అది కస్టమర్ ఉత్తరంలోనే ఉండాలి.

ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీలో రాత్రి షిఫ్ట్ సపోర్ట్‌ను ఎత్తేశారు. ఉద్యోగుల మెయిల్ ఒకరు రాశారు, కస్టమర్లది నేను రాశాను. ఇద్దరం ఒకరిది ఒకరం చూసుకోలేదు. నాదాంట్లో "సేవల్లో ఏ మార్పూ ఉండదు" అని ఉంది. రాత్రి ఫోన్ చేసిన ఒక కస్టమర్‌కు ఎవరూ పలకలేదు. మర్నాడు అతను నిలదీస్తే, విసిగిపోయిన మా సపోర్ట్ అమ్మాయి లోపలి మెయిల్‌నే అతనికి ఫార్వర్డ్ చేసింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. తర్వాత మూడు నెలలు, మేం ఏ తేదీ చెప్పినా ఆ కస్టమర్లు రాతపూర్వకంగా సంతకంతో అడిగేవారు.

అందుకే, మూడు ముసాయిదాలూ అయ్యాక ఒక పట్టిక గీయండి. నిజాల కాగితంలోని ఒక్కో వాక్యం ఒక్కో వరుసలో, మూడు ఉత్తరాలకు మూడు నిలువు గడులు. ఆ నిజం ఆ ఉత్తరంలో ఏ మాటల్లో ఉందో అలాగే గడిలోకి ఎత్తి రాయండి. ఖాళీ గడి ఉంటే ఫర్వాలేదు, దాన్ని ఎందుకు వదిలేశారో మీరు చెప్పగలిగితే చాలు. ఒకే వరుసలో రెండు గడులు ఒకదాన్నొకటి కొట్టుకుంటే, లేదా ఏ వరుసలోనూ ఇమడని వాక్యం ఏదైనా మిగిలితే, అక్కడ ఆగండి. ఆ మిగిలిన వాక్యాలు సాధారణంగా ఊరడింపులో, గొప్పలో అయివుంటాయి. ఆ తర్వాత ఉత్తరాలను తారుమారు చేసి చదివించండి. ఉద్యోగుల ఉత్తరాన్ని ఫైనాన్స్ మనిషికి, ఇన్వెస్టర్లదాన్ని పాత టీమ్ మేనేజర్‌కు, కస్టమర్లదాన్ని హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. "ఇది బయటికి వస్తే నీకు ఎక్కడ ఇబ్బంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఉద్యోగులకు పంపిన మెయిల్ బయటికి రాదని అనుకోవడానికి లేదు, వస్తుందనే లెక్కలో రాయాలి.

పంపే వేళ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీరొక్కరే తేల్చేది కాదు. ఈ వార్త షేరు ధరను కదిలించేదా కాదా అన్నది కంపెనీ సెక్రటరీ, న్యాయ సలహాదారు తేల్చాలి, నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. కదిలించేదే అయితే, ఎక్స్ఛేంజ్‌కు చెప్పకముందు కంపెనీ అంతటికీ మెయిల్ పంపకూడదు. అలాంటప్పుడు చాలా కంపెనీలు మార్కెట్ ముగిసేదాకా ఆగి, ముందు ఎక్స్ఛేంజ్‌కు పంపి, ఆ నిమిషంలోనే మేనేజర్ల చేత ఆ 12 మందితో మాట్లాడించడం మొదలుపెడతాయి. మాటలన్నీ అయ్యాక అందరికీ మెయిల్ వెళ్తుంది. 12 మందే కాబట్టి, మేనేజర్లు సిద్ధంగా ఉంటే గంటలో అయిపోతుంది. కస్టమర్లకు అదే సాయంత్రం గానీ మర్నాడు పొద్దున గానీ, సపోర్ట్ డెస్క్ తెరిచి ఉన్న వేళ చూసి పంపాలి. ధరను కదిలించేది కాదని తేలితే ఉద్యోగులకే ముందు, అందులోనూ ఆ 12 మందికి అందరికంటే ముందు.

ఎండీ గారి దగ్గరికి మూడు ముసాయిదాలతో వెళ్లకండి, మూడు ఎందుకని వాదన అక్కడే మొదలవుతుంది. నిజాల కాగితం ఒక్కటే తీసుకెళ్లి సంతకం పెట్టించుకోండి. ఆయన అడిగిన ఒకే ప్రకటన నిజానికి అదే. తర్వాత డేటా బదిలీ ఆలస్యమై సెప్టెంబర్ 30 అక్టోబర్ 31 అయిందనుకోండి, ఏ ఉత్తరాన్నీ నేరుగా దిద్దకండి. ముందు ఆ కాగితంలో తేదీ మార్చి, మళ్లీ సంతకం తీసుకుని, ముగ్గురికీ ఒకే రోజున చెప్పండి.